కరెంటు మీటరు చెప్పిన ధర: ఒక ఐసు ఫ్యాక్టరీ కొనుగోలు ప్రతిపాదన
(విశాఖపట్నంలో చిన్న పరిశ్రమల వారి సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

సభకు నమస్కారం. నేను ముప్పై ఏళ్లకు పైగా కోల్డ్ స్టోరేజీల్లో, ఐసు ఫ్యాక్టరీల్లో అమ్మోనియా యంత్రాల నిర్వహణ చూసి పదవీ విరమణ చేసినవాడిని. మా తోడల్లుడు, మా మేనల్లుడు, నేను కలిసి ఫిషింగ్ హార్బర్‌కు దగ్గరలో నడుస్తున్న ఒక ఐసు ఫ్యాక్టరీని కొనాలనుకుంటున్నాము. బేరం ఇంకా తెగలేదు. తయారు చేసుకున్న ప్రతిపాదనను డబ్బు కట్టకముందే పదిమంది ముందు పెడితే అందులోని లోపాలు బయటపడతాయన్న ఆశతో ఇక్కడ నిలబడ్డాను. అమ్మేవారి పేరు, ఫ్యాక్టరీ పేరు చెప్పను. అది ఆయనకు ఇచ్చిన మాట.

కొత్తది కట్టుకోకుండా పాతది ఎందుకు కొనడమని మొదట మా ఇంట్లోనే అడిగారు. రోజుకు 25 టన్నుల ఫ్యాక్టరీని కట్టడం పెద్ద పని కాదు. తగినంత కరెంటు లోడు, కాలుష్య నియంత్రణ మండలి అనుమతి, అమ్మోనియా నిల్వకు ఇరుగుపొరుగు వారి సమ్మతి, అన్నీ హార్బర్‌కు కూతవేటు దూరంలో ఒకే చోట దొరకడం కష్టం. 2020 మే నెలలో మన ఊరు చూసిన గ్యాసు ప్రమాదం తర్వాత గ్యాసు అన్న మాట వింటేనే జనం ఉలిక్కిపడుతున్నారు, అందులో వారిని తప్పుపట్టడానికి ఏమీ లేదు. పైగా ఐసు దూరం ప్రయాణించే సరుకు కాదు. సోనా బోటు అనే పెద్ద మరబోటు వేటకు బయలుదేరే ముందు పది, పదిహేను టన్నుల ఐసు ఎత్తుకుంటుంది, అది తెల్లవారేలోగా జెట్టీ దగ్గర ఉండాలి. ఏళ్ల తరబడి ఆ బోట్లకు ఐసు పోస్తున్న చోటు మీద హక్కును కొంటున్నాము, యంత్రాలు దానితో పాటు వస్తున్నాయి.

అమ్మే పెద్దాయనకు డెబ్బై దాటాయి, పిల్లలకు ఈ పని మీద మనసు లేదు. ఆయన అడుగుతున్నది మొత్తం 3 కోట్ల 60 లక్షలు. ఇందులో స్థలానికి 2 కోట్ల 40 లక్షలు, వ్యాపారానికి కోటీ 20 లక్షలు. స్థలం సంగతి త్వరగా తేల్చేస్తాను. అదే స్థలాన్ని నెలకు 60 వేల అద్దెకు ఇవ్వడానికి ఆయన సిద్ధంగానే ఉన్నారు. ఏడాదికి 7 లక్షల 20 వేలు అంటే స్థలం ధర మీద 3 శాతం. పదిన్నర శాతం వడ్డీకి అప్పు తెచ్చి 3 శాతం అద్దె మిగుల్చుకోవడం ఐసు వ్యాపారం కాదు, స్థలాల వ్యాపారం. కాబట్టి స్థలాన్ని 15 ఏళ్ల రిజిస్టరు లీజుకు తీసుకుని, వ్యాపారాన్ని మాత్రం కొంటాము. ఆయన పోయాక వారసులు మాట మార్చకుండా, పిల్లలిద్దరూ లీజు మీద సంతకం చేయాలని అడిగాము.

ఇక అసలు ప్రశ్న, ఆ వ్యాపారం విలువ ఎంత? పెద్దాయన లెక్క ఇది. ఏడాదికి 7,000 టన్నుల ఐసు, 50 కిలోల దిమ్మ 95 రూపాయలు, అంటే టన్ను 1,900. మొత్తం అమ్మకం కోటీ 33 లక్షలు, అన్ని ఖర్చులూ పోను 70 లక్షలు మిగులుతుంది. జీఎస్టీ రిటర్నులు తెప్పించి చూస్తే అందులో అమ్మకం 78 లక్షలే ఉంది. అదేమిటని అడిగితే ఆయన నవ్వి, "మిగతాది చేతి మీద నడుస్తుంది బాబూ, నీకు తెలియనిదా" అన్నారు. చిన్న వ్యాపారం కొనబోయే ప్రతివాడికీ ఈ మాట ఎదురవుతుంది. పుస్తకాల్లో తక్కువ ఉంది, నిజంగా ఎక్కువ ఉంది, ధర మాత్రం నిజానికి కట్టు అంటారు. ఆ నిజం ఎంతో చెప్పగల సాక్షి కావాలి. ఐసు ఫ్యాక్టరీకి ఆ సాక్షి గోడకు తగిలించే ఉంటుంది, అదే కరెంటు మీటరు.

ముప్పై డిగ్రీల నీటిని గడ్డకట్టించి, ఇంకాస్త చల్లబరచడానికి, వేడిని కూడా కరెంటు యూనిట్లలోనే కొలిస్తే, టన్నుకు సుమారు 130 యూనిట్ల వేడిని బయటకు తోడాలి. ఇది ప్రకృతి పెట్టిన లెక్క, బేరమాడితే తగ్గదు. మంచి అమ్మోనియా కంప్రెసర్ ఒక యూనిట్ కరెంటుతో సుమారు మూడు యూనిట్ల వేడిని తోడుతుంది కాబట్టి కంప్రెసర్‌కే టన్నుకు 43 యూనిట్లు కావాలి. దాని మీద నీటి పంపులు, ఐసు డబ్బాల చుట్టూ ఉప్పునీటిని తిప్పే మోటారు, తొట్టి గోడల గుండా లోపలికి దిగే వేడి, దిమ్మను డబ్బా నుంచి విడిపించేటప్పుడు కరిగిపోయేది, ఇవన్నీ కలిస్తే చక్కగా నడిచే ఫ్యాక్టరీలో కూడా అరవై దాటుతుంది. ఈ ఫ్యాక్టరీ ఏడాది బిల్లుల మొత్తం 3,51,000 యూనిట్లు. ఆయన చెప్పిన 7,000 టన్నులతో భాగిస్తే టన్నుకు 50 యూనిట్లు వస్తుంది. ఇరవై ఏళ్ల నాటి యంత్రాలతో అది సాధ్యం కాదు.

అందుకని మా మేనల్లుడూ నేనూ జనవరిలో మూడు రోజులు, పగలూ రాత్రీ వంతులు వేసుకుని అక్కడే కూర్చున్నాము. క్రేన్ పైకి లేపిన ప్రతి వరుసలో ఎన్ని డబ్బాలున్నాయో, ఎన్ని దిమ్మలు నిండుగా వచ్చాయో నోటు పుస్తకంలో గీతలు గీసుకున్నాము. మూడు రోజులకు 1,020 దిమ్మలు, అంటే 51 టన్నులు. అదే వ్యవధిలో మీటరులో తిరిగింది 3,672 యూనిట్లు. ఇక్కడ ఒక జాగ్రత్త చెప్పాలి. ఇలాంటి మీటరు మీద కనిపించే అంకెను బిల్లులో ఉన్న గుణకంతో హెచ్చించాలి. ఆ సంగతి మరచి మా మేనల్లుడు మొదటిరోజు వేసిన లెక్క చూసి, ఇంత తక్కువ కరెంటుతో ఐసు ఎలా తీస్తున్నారా అని మేమే ఆశ్చర్యపోయాము. సరిచేసి చూస్తే టన్నుకు 72 యూనిట్లు. ఏడాది యూనిట్లను దానితో భాగిస్తే 4,875 టన్నులు, టన్ను 1,900 చొప్పున 92 లక్షల 60 వేల అమ్మకం. పెద్దాయన మాటకూ రిటర్నులకూ మధ్యన, రిటర్నులకే దగ్గరగా నిజం ఉంది.

నెలవారీ బిల్లులు మరో సంగతి చెబుతాయి. మన తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు మరబోట్ల వేట నిషేధం. ఆ రోజుల్లో ఐసు ఫ్యాక్టరీ బిల్లు బాగా పడిపోవాలి. చెరకురసం బండ్లు, పెళ్లి వంటలు, తెప్పల మీద వేటకు వెళ్లేవారు కొంత కొంటారు గాని అది పెద్ద బోట్ల ముందు లెక్కలోకి రాదు. మే నెల యూనిట్లు ఫిబ్రవరితో సమానంగా ఉంటే ఆ కరెంటు ఐసుకు కాక మరెక్కడికో పోతోందని అర్థం. ఇక్కడ మే బిల్లు ఫిబ్రవరిలో నాలుగో వంతు ఉంది, సరిపోయింది.

అమ్మకం తెలిశాక ఖర్చు చూద్దాం. యూనిట్‌కు అన్నీ కలిపి సగటున 8 రూపాయల చొప్పున కరెంటుకు 28 లక్షలు. తొమ్మిది మంది జీతాలు 16 లక్షల 20 వేలు. నీరు, ఉప్పు, గ్యాసు, కంప్రెసర్ ఆయిలు, మరమ్మతులు, లైసెన్సులు, బీమా కలిపి 13 లక్షల పైచిలుకు. పెద్దాయన లెక్కలో లేనివి రెండున్నాయి. సొంత స్థలం కాబట్టి ఆయన అద్దె వేసుకోలేదు, తానే తెల్లవారుజామున మూడింటికి లేచి వచ్చి చూసుకుంటారు కాబట్టి తన జీతమూ వేసుకోలేదు. ఆ పనికి మేము మేనేజరును పెడితే నెలకు 40 వేలు ఇవ్వాలి. ఈ రెండూ కలిపితే ఇంకో 12 లక్షలు. మొత్తం ఖర్చు దాదాపు 69 లక్షల 60 వేలు, మిగులు 23 లక్షలు. రిటర్నుల్లోని అమ్మకాన్నే పట్టుకుంటే మిగులు 8 లక్షల 40 వేలే. 70 లక్షలు ఎక్కడ, ఇదెక్కడ!

విలువకు రెండు వైపుల నుంచి హద్దులు పెట్టుకున్నాము. కింది హద్దు యంత్రాల విలువ. రెండు కంప్రెసర్లు, కండెన్సర్, ఉప్పునీటి తొట్టి, డబ్బాలు, క్రేన్, క్రషర్, ట్రాన్స్‌ఫార్మర్ అన్నీ కలిపి ఇప్పుడున్న స్థితిలో 48 లక్షలని విలువ కట్టే ఇంజనీరు రాసిచ్చారు. పై హద్దు ఆదాయం నుంచి వచ్చేది. ఒక మనిషి పరిచయాల మీద నడిచే ఇలాంటి వ్యాపారానికి మూడేళ్ల మిగులుకు మించి కట్టకూడదని నా అభిప్రాయం, ఎందుకంటే ఆ మనిషి వెళ్లిపోయాక బోట్లు ఎన్ని నిలుస్తాయో ఎవరూ హామీ ఇవ్వలేరు. 23 లక్షలకు మూడేళ్లు, 69 లక్షలు. రెండు హద్దుల నుంచీ వెంటనే చేయాల్సిన మరమ్మతులకు 8 లక్షలు తీసేస్తే 40 నుంచి 61 లక్షల మధ్య అని తేలింది. మేము రాసిన ధర 54 లక్షలు.

ఆ 8 లక్షల మరమ్మతు ఎందుకో చెప్పాలి. మేము వెళ్లినప్పుడు కంప్రెసర్ నుంచి కండెన్సర్‌కు వెళ్లే వైపు పీడనం చూపే గేజీ పదిహేనున్నర దగ్గర నిలబడి ఉంది. అది పన్నెండు, పదమూడు దగ్గర ఉండాలి. కండెన్సర్ గొట్టాలకు లోపల సున్నపు పెచ్చు కట్టినప్పుడు ఇలా అవుతుంది, కంప్రెసర్ ఊరికే ఆయాసపడుతుంది. తొట్టి బయటి గోడ చేతికి చల్లగా తగిలింది, ఒకచోట చెమట పట్టి ఉంది. అంటే లోపలి చలి గోడ దాటి వస్తోంది, ఇన్సులేషన్ పోయింది. మేస్త్రీ గంధకం వత్తి వెలిగించి వాల్వుల దగ్గర తిప్పితే రెండు చోట్ల తెల్లటి పొగ లేచింది. అమ్మోనియా కారుతున్నచోట అలా లేస్తుంది. రెండూ గ్లాండు ప్యాకింగు మారిస్తే ఆగేవే. ఇంకో చిన్న పరీక్ష కూడా చేశాను. వరుసల్లో అక్కడక్కడా దిమ్మ ముక్క విరిచి నోట్లో వేసుకున్నాను. నాలుగు ముక్కలు ఉప్పగా ఉన్నాయి. డబ్బాకు చిల్లుపడి తొట్టిలోని ఉప్పునీరు లోపలికి వస్తోందని దానర్థం. డబ్బాలు మార్చక తప్పదు.

ఈ బాగుచేతతో టన్నుకు 72 యూనిట్లు 62కు దిగితే ఏడాదికి దాదాపు 3 లక్షల 90 వేలు మిగులుతుంది. ఆ మాట తెలిసి పెద్దాయన దానికీ ధర అడిగారు. అది మా డబ్బుతో, మా చేతులతో చేసుకునే పని కాబట్టి దానికి ఆయనకు కట్టేది లేదని మర్యాదగానే చెప్పాము.

యంత్రాల లోపాలు కంటికి కనిపిస్తాయి. వెనకటి బాకీలు అలా కనిపించవు, కొనుగోలుదారులు దెబ్బతినేది ఎక్కువగా అక్కడే. వ్యాపారాన్ని నడుస్తున్నది నడుస్తున్నట్టుగా మొత్తంగా బదిలీ చేస్తే ఆ బదిలీ మీద జీఎస్టీ ఉండదు, అది మేలు. అదే చట్టంలో మరో నిబంధన ఉంది. బదిలీ నాటికి పాత యజమాని కట్టవలసిన పన్ను, వడ్డీ, జరిమానాలకు కొత్త యజమాని కూడా ఉమ్మడిగా బాధ్యుడు. మీటరు చెప్పిన 92 లక్షలకూ రిటర్నులు చెప్పిన 78 లక్షలకూ మధ్య ఉన్న తేడాను మేము లెక్క వేసుకోగలిగాము. శాఖవారూ వేసుకోగలరు. చేతి మీద నడిచిందని గొప్పగా చెప్పిన అమ్మకమే రేపు మా పేరున నోటీసుగా రావచ్చు.

కూలీల సంగతీ అంతే. జీతాల పుస్తకంలో తొమ్మిది మంది ఉన్నారు. పది మంది ఉంటే ఈఎస్ఐ వర్తిస్తుంది కాబట్టి తొమ్మిది అన్న అంకె చూడగానే నాకు అనుమానం వచ్చింది. రాత్రి రెండు గంటలకు లెక్కపెడితే పదమూడు మంది కనిపించారు. ఆ నలుగురూ ఎత్తుడు కూలీలని, వారికి దిమ్మకింతని బోటువాళ్లే ఇస్తారని పెద్దాయన అన్నారు. నిజమే కావచ్చు, దాన్ని కాగితం మీద రాయించుకోవాలి, ఎందుకంటే ఈఎస్ఐ బకాయి కూడా కొత్త యజమాని వెంటపడుతుంది. కరెంటు బకాయి గురించి ఈపీడీసీఎల్ నుంచి బాకీ లేదన్న కాగితం తప్పనిసరి. సరఫరా నిబంధనలు అనుమతిస్తే పాతవారి బకాయిని కొత్త యజమాని నుంచి రాబట్టవచ్చని 2023లో సుప్రీంకోర్టు చెప్పింది. పాత కూలీలకు పేరుకున్న గ్రాట్యుటీని లెక్కగట్టి ధరలోంచి తగ్గిస్తాము, వారినందరినీ అలాగే పనిలో ఉంచుకుంటాము.

ఇక అరువు పుస్తకం. ఎర్ర అట్ట ఖాతా పుస్తకంలో బోట్ల పేరున రావలసింది 19 లక్షలు. అందులో 11 లక్షలు ఆరు బోట్లవే. రెండు బోట్ల పేజీల్లో ఏడాదికి పైగా ఒక్క జమా లేదు. వాకబు చేస్తే ఒకటి అమ్ముడుపోయింది, రెండోది ఒడ్డున పడి ఉంది. ఈ అరువును మేము కొనడం లేదు. ఆరు నెలలపాటు పెద్దాయన తరఫున వసూలు చేసి, వచ్చింది వచ్చినట్టు ఆయనకు ఇస్తాము. రానిది ఆయన నష్టం. అసలు గమనించవలసింది వేరే ఉంది. ఐసులో అరవై శాతం ముగ్గురు చేపల వ్యాపారులు పెట్టుబడి పెట్టే బోట్లకే పోతోంది. ఆ ముగ్గురినీ పెద్దాయనే స్వయంగా మాకు పరిచయం చేయాలి, ఆరు నెలలు మాతో ఉండాలి, ఐదేళ్లపాటు ఈ హార్బర్ పరిధిలో ఐసు వ్యాపారం పెట్టకూడదు. గుడ్‌విల్ అమ్మినవారు నిర్ణీత ప్రాంతంలో అదే వ్యాపారం చేయబోమని రాసిచ్చే ఒప్పందాన్ని మన కాంట్రాక్టు చట్టం ఒప్పుకుంటుంది.

డబ్బు సర్దుబాటు ఈ భయాల చుట్టూనే అల్లాము. 54 లక్షల్లో 40 లక్షలు బదిలీ రోజున ఇస్తాము. మిగిలిన 14 లక్షలు రెండేళ్లలో, ఏడాదికి 7 చొప్పున ఇస్తాము. జూన్ 15 నుంచి పన్నెండు నెలల్లో 4,600 టన్నులు దాటితే 7 లక్షలూ ఇస్తాము. 3,800 కంటే తగ్గితే ఏమీ ఇవ్వము. మధ్యలో ఉంటే ఆ మేరకు లెక్క. "మీరు కావాలని తక్కువ రాస్తే?" అని పెద్దాయన అడిగారు, సరైన ప్రశ్న. అందుకే టన్నులను మా బిల్లుల నుంచి కాక, మరమ్మతు అయ్యాక ఇద్దరం కలిసి మరో మూడు రోజులు కూర్చుని దిమ్మలు లెక్కపెట్టి నిర్ణయించిన యూనిట్ల చొప్పున, కరెంటు బిల్లుల నుంచే కడదాం అన్నాము. ఆయనకు నచ్చింది. పాత బాకీల నోటీసు ఏదైనా వస్తే ఈ 14 లక్షల్లోంచే మినహాయించుకుంటాము.

మొదట కావలసింది 40 లక్షలకు తోడు మరమ్మతుకు 8, చేతి పెట్టుబడికి 10, లీజు రిజిస్ట్రేషను, లైసెన్సుల మార్పిడి, న్యాయవాదికి 3, మొత్తం 61 లక్షలు. ముగ్గురం కలిసి 33 లక్షలు పెడుతున్నాము. బ్యాంకు 28 లక్షల టర్మ్ లోను ఇస్తానంటోంది, అది యంత్రాల విలువలో అరవై శాతానికి లోపు. గుడ్‌విల్‌కు బ్యాంకు ఒక్క రూపాయి ఇవ్వదు, చేతి మీద నడిచిన అమ్మకాన్నీ లెక్కలోకి తీసుకోదు. ఐదేళ్లకు పదిన్నర శాతం మీద నెలకు దాదాపు 60 వేల వాయిదా, ఏడాదికి 7 లక్షల 20 వేలు. మే, జూన్ వాయిదాలను మిగతా పది నెలల్లో సర్దమని అడిగాము, మేనేజరు పై ఆఫీసుకు రాశారు.

23 లక్షల మిగులులో వాయిదాలు పోను, పెద్దాయనకు 7 లక్షలు పోను, పన్నుకు ముందు 8 లక్షల 80 వేలు ఉంటాయి. మా తోడల్లుడు ఇది చాలా తక్కువని పెదవి విరిచాడు. ఐసు ధర 15 శాతం పడిపోతే మిగులు 9 లక్షలకు దిగుతుంది. అప్పుడు బ్యాంకు వాయిదా వెళ్తుంది గాని పెద్దాయన 7 లక్షలకు చాలదు, ఆ నిబంధన టన్నుల మీద ఉంది కాబట్టి ధర పడినా మేము ఇవ్వాల్సిందే. ప్రతిపాదనలో నాకు నిద్రపట్టనివ్వనిది ఇదొక్కటే. చేతి పెట్టుబడి 10 లక్షలు అనడానికి సగం కారణం అదే.

చివరిగా తేదీ సంగతి. పెద్దాయన ఫిబ్రవరి నెలాఖరులోనే అప్పగించేస్తానంటున్నారు. మేము ఏప్రిల్ 15 అంటున్నాము. నిషేధం మొదలైన రోజు చేతికొస్తే తొట్టి ఖాళీ చేసి ఇన్సులేషన్ విప్పడానికి, కండెన్సర్ కడగడానికి 61 రోజులు దొరుకుతాయి, ఒక్క బోటు కూడా వట్టి చేతులతో తిరిగిపోదు. అయితే రాబడి లేని రెండు నెలల జీతాలు, అద్దె మా నెత్తిన పడతాయి, నాలుగు లక్షల దాకా. అందులో సగం ఆయన భరించాలని, లేదా ఆ రెండు నెలల అద్దె వదులుకోవాలని ఉత్తరం రాశాము. ఆ ఉత్తరంతో పాటు లీజు ముసాయిదా, పిల్లల సంతకాల కోసం ఖాళీ గళ్లు పెట్టి పంపాము. జవాబు వచ్చేదాకా బయానా ఇవ్వలేదు. ఇక మీరు అడగండి.